వైజాగ్‌లో ఒక్కరే ఉంటున్నారా? మధ్యాహ్నం క్యారేజీ మాట్లాడుకోవడం ఇలా

క్యారేజీ మాట్లాడుకునేటప్పుడు అందరూ ముందు అడిగేది మెనూ ఏంటని, నెలకి ఎంతని. నన్నడిగితే ఆ రెండూ చివర అడగాల్సినవి. ముందు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పొయ్యి మీంచి దింపిన అన్నం మీరు ముద్ద కలిపేసరికి ఎన్ని గంటలవుతుంది? మీరు తినని పూట డబ్బులు ఎవరికి మిగులుతాయి? ఈ రెండింటికీ సరైన జవాబు దొరికితే కూరలో ఉప్పు కాస్త అటూ ఇటూ ఉన్నా సర్దుకోవచ్చు.

ఉదాహరణకి మా పిన్ని కొడుకు సంగతే చెప్తాను. ఊరు ఒంగోలు. ఉద్యోగం రుషికొండ ఐటీ కొండ మీద, రూమ్ ఎండాడలో. వారానికి 5 రోజులు పని, అందులో మంగళ, శుక్రవారాలు ఇంటి నుంచే. నెలకోసారి ఊరెళ్లి సోమవారం సెలవు పెట్టి మంగళవారం తెల్లారేసరికి వస్తాడు. వాడికి క్యారేజీ ఎలా కుదిర్చామో చెప్తే మిగతాదంతా అందులోనే వస్తుంది.

ముందు మీ వారం కాగితం మీద పెట్టండి

మూడు పూటలకీ కలిపి ప్యాకేజీ తీసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. పొద్దున టిఫిన్‌కి ఈ ఊళ్లో సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు. మద్దిలపాలెం అయినా, గాజువాక అయినా, మధురవాడ అయినా సందు చివర ఓ టిఫిన్ బండి ఉంటుంది. వేడివేడిగా పెనం మీంచి తీసిన పెసరట్టు కళ్లముందే దొరుకుతుంటే, గంట కిందట డబ్బాలో పెట్టి మూతేసిన ఇడ్లీకి ముందే డబ్బులు కట్టడం ఎందుకు?

రాత్రి పూటకి ఇంకో దారుంది. చిన్న రైస్ కుక్కర్ కొనుక్కుని అన్నం మీరే వండుకోండి, కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోండి. 100 గ్రాముల బియ్యానికి సుమారు 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. ఒక మనిషికి 125 గ్రాములు పోస్తే సరిపోతుంది. ఇంటికి ఎన్నింటికి చేరతారో తెలియని ఉద్యోగమైతే ఇదే నయం. 7:30కి వచ్చిన క్యారేజీ గుమ్మం దగ్గర 10:30 దాకా మీకోసం ఎదురుచూస్తూ ఉండక్కర్లేదు.

అంటే నిజంగా క్యారేజీ కావాల్సింది మధ్యాహ్నానికి. ఇప్పుడు వారంలో ఒక్కో రోజుకీ మూడు విషయాలు రాసుకోండి: ఆ మధ్యాహ్నం ఎక్కడుంటారు, ఎన్నింటికి తినడానికి కూర్చోగలరు, ఆ రోజు ఎగ్గొట్టే అవకాశం ఎంత. మా వాడి కాగితంలో సోమ, బుధ, గురువారాలు ఆఫీసు, మంగళ, శుక్రవారాలు రూమ్, శనివారం ఎక్కడుంటాడో వాడికే తెలీదు. తినే టైమ్ 1:30 అని రాశాడు. మీటింగులున్న రోజు 2 దాటుతుందని నేను పక్కన చేర్చాను.

పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఈ కాగితం ఒక వారానికి కాకుండా షిఫ్టులు ఒక చుట్టు తిరిగేదాకా రాయాలి. కంపెనీ క్యాంటీన్ ఏ షిఫ్టుకి ఉంటుందో, ఏ షిఫ్టుకి ఉండదో అందులో తేలిపోతుంది. అలా తేలాక చాలామందికి అవసరం నెలలో సగం రోజులకే ఉంటుంది.

వంటిల్లు ఎక్కడుందో, బండి ఏ దారిన వస్తుందో

వైజాగ్ సముద్రానికీ కొండలకీ మధ్య పొడుగ్గా సాగిన ఊరు. కూర్మన్నపాలెంలో వండిన భోజనం మధురవాడ చేరాలంటే ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటాలి. అందుకే రుచి బాగుందని ఎవరో చెప్పిన చోటికల్లా ఫోన్ చేయకుండా, మీ ఆఫీసుకో రూముకో నాలుగైదు కిలోమీటర్ల లోపలున్న వంటిళ్లనే వెతకండి.

వెతకడానికి మంచి చోటు మీ ఆఫీసు రిసెప్షన్. మధ్యాహ్నం 12:30 నుంచి ఒంటిగంట దాకా అక్కడ నిలబడితే ఏ ఏ క్యారేజీలు వస్తున్నాయో, ఏవి టైముకి వస్తున్నాయో కనబడుతుంది. 2 గంటలకి చేతులు కడిగే చోటికి వెళ్లండి. ఎవరి డబ్బాలో కూర సగం మిగిలి చెత్తబుట్టలో పడుతోందో చూస్తే ఫోన్‌లో చదివే ఏ రేటింగ్ కన్నా ఎక్కువ తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని కూడా అడగండి. ఏ ఫ్లాట్‌లో వంట చేసి పంపుతున్నారో ఆయనకి తెలియకుండా ఉండదు.

మా వాడికి రెండు దొరికాయి. ఒకటి ఎంవీపీ కాలనీలో మెస్. రెండోది మధురవాడలో ఇంట్లోనే వండి ఓ 30 మందికి పంపే ఒకావిడ. మెస్ వాళ్లు ఫోన్‌లో చెప్పింది "12:45కల్లా వచ్చేస్తుంది సార్" అని. అది చేరే టైమ్. వండిన టైమ్ అడిగితే అసలు సంగతి బయటపడింది. అన్నం 10 గంటలకి వార్చేస్తారు, 10:45కి డబ్బాలు సర్దుతారు, 11:15కి ఆటో బయల్దేరి ఇసుకతోట, హనుమంతవాక, ఎండాడ అన్నీ దించుకుంటూ చివరికి రుషికొండ ఎక్కుతుంది. మా వాడు 2 గంటలకి మూత తీస్తే ఆ అన్నం వయసు 4 గంటలు.

మధురవాడ ఆవిడతో మాట తేలిగ్గా అయిపోయింది.

"అమ్మా, అన్నం ఎన్నింటికి దించుతారు?"

"పన్నెండుకి పావుగంట ముందు బాబూ. ముందే దించితే గట్టిపడిపోతుంది."

"కొండ మీదికి వచ్చే బండిలో నాది ఎన్నో క్యారేజీ అవుతుంది?"

"మూడోది. మావారే తెస్తారు. పావు తక్కువ ఒంటిగంటకి కింద ఉంటారు."

2 గంటలకి తిన్నా ఆ అన్నం వయసు రెండుంపావు గంటలే. మీటింగ్ లేని రోజైతే రెండు గంటల లోపే.

ఈ గంటల గోల ఎందుకంటే, వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లారాక గదిలో ఉండే వేడిలో బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. వండినదాన్ని అలా బయట 2 గంటలకి మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం. మన ఊరి ఎండకీ ఉక్కకీ ఆ 2 గంటలు కూడా ఉదారంగా ఇచ్చినట్టే. 2 గంటలు దాటిన ప్రతి డబ్బా పాడైపోయిందని కాదు. మంచి హాట్ ప్యాక్‌లో వేడి నిలిస్తే టైమ్ పెరుగుతుంది. అన్నం సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. గోరువెచ్చగా చాలాసేపు ఉన్న అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఆఫీసు మైక్రోవేవ్ ఉందిగా అన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఫోన్‌లో ఇంకేం అడగాలి

చాలా అడిగితే వాళ్లకీ విసుగే. టైమ్, దారి తెలిశాక మూడు ప్రశ్నలు చాలు.

మొదటిది, వద్దనుకున్న పూట ఎప్పటిలోగా చెప్పాలి, చెబితే ఆ పూట ముందుకి జరుగుతుందా, పోతుందా? "చూద్దాం లెండి, అడ్జస్ట్ చేద్దాం" అన్నారంటే పోతుందనే అర్థం చేసుకోండి.

రెండోది, ఏ రోజుల్లో వంట ఉండదు? సంక్రాంతికి ఇంటి వంటవాళ్లు మూడు నాలుగు రోజులు పొయ్యి వెలిగించరు, సొంతూళ్లకి పోతారు. సరిగ్గా అప్పుడే ఊళ్లో చాలా హోటళ్లూ మూసి ఉంటాయి. నాన్‌వెజ్ కావాలనుకునేవాళ్లు కార్తీక మాసం గురించి కూడా అడగాలి. కొందరు నెలంతా మానేస్తారు, కొందరు సోమవారాలే. మార్గశిరంలో కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలు పాటించే ఇళ్లు వైజాగ్‌లో చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో బదులు ఏం పెడతారో ముందే తెలిస్తే గొడవుండదు. చేపల పులుసు ఆశతో చేరేవాళ్లకి ఒక మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం. ఆ రెండు నెలలు సముద్రపు చేప తగ్గి, ధర పెరుగుతుంది. మెనూలో చెరువు చేపో గుడ్డో వస్తే వాళ్లు మోసం చేశారనుకోకండి.

మూడోది, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. ఇంట్లో వండి అమ్మేవాళ్లకి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది 14 అంకెల నంబరు. చిన్నవాళ్ల రిజిస్ట్రేషన్ అయితే 2తో, లైసెన్స్ అయితే 1తో మొదలవుతుంది. foscos.fssai.gov.in సైట్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుతోందో లేదో కనబడుతుంది. నంబరు ఉన్నంత మాత్రాన ఆ వంటిల్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు. కాకపోతే రేపు ఏదైనా తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి ఒక పేరూ చిరునామా దొరుకుతాయి.

డబ్బులిచ్చి మూడు పూటలు తిని చూడండి

ఉచితంగా పంపే శాంపిల్‌ని నమ్మొద్దు. ఆ రోజు మీ డబ్బా ప్రత్యేకంగా సర్దుతారు. డబ్బులిచ్చి మూడు పూటలు, వేర్వేరు రోజుల్లో తెప్పించుకోండి. వాటిలో ఒకటి సోమవారం ఉండాలి. ఆదివారం మిగిలింది ఏమైనా ఉంటే సోమవారమే తెలుస్తుంది. ఒకటి నాన్‌వెజ్ ఇచ్చే రోజు. ఇంకొకటి వీలుంటే వాన పడే రోజు, డెలివరీ ఎలా ఉందో చూడ్డానికి.

డబ్బా రాగానే టైమ్ చూసి, తినే టైమ్ కాకపోయినా ఒకసారి అడుగు భాగం పట్టుకుని చూడండి. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి ఉంటే బాగున్నట్టే. గోరువెచ్చగా ఉందంటే దారిలో ఆలస్యమైంది, లేదా వాళ్లు చెప్పినదానికన్నా ముందే వండారు. అనుమానమొస్తే వంటింటి థర్మామీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. అన్నం మధ్యలో గుచ్చి 60 పైన చూపిస్తుందేమో చూడండి.

తినేటప్పుడు మొదట వట్టి అన్నం ఒక ముద్ద నోట్లో వేసుకోండి. కూర కలిపాక అన్నం సంగతి తెలీదు. మెతుకులు వేళ్లకి జిగురుగా అంటుకుని విడదీస్తే తీగలా సాగినా, కాస్త పులిసిన వాసన వచ్చినా ఆ పూటతో ఆపేయండి. పప్పు, సాంబారు మీద చిన్న బుడగలు తేలుతుంటే అదీ అంతే. ఎండాకాలంలో ఎక్కువ దగా చేసేది కొబ్బరి వేసిన పచ్చడి, కూర. పొద్దున చేసినది మధ్యాహ్నానికి పులుస్తుంది. అది పంపని వంటింటికి నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

ఆ తరువాత చూడాల్సింది కూర ఎంత ఉందని. అన్నం ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, అది చౌక. చారు గిన్నె నిండా ఉంటుంది, అదీ చౌకే. అసలు కూర, వేపుడు ఏ మాత్రం ఉన్నాయో విడిగా ఒక గిన్నెలోకి తీసి చూడండి. కూరో నాలుగు చెంచాలు, వేపుడో మూడు చెంచాలు, మిగతాదంతా చారన్నమే అయితే నాలుగింటికి మళ్లీ ఆకలేసి సమోసాకి పరిగెడతారు. ఆ సమోసా ఖర్చు కూడా ఈ క్యారేజీ ఖాతాలోనే వేయాలి.

రుచి విషయంలో బయటి ఊళ్ల వాళ్లకి ఒక సంగతి. ఇక్కడి పులుసుల్లో బెల్లం తగులుతుంది, ఆవ పెట్టిన కూరలు వస్తాయి. మా ఒంగోలు వాడు మొదటి రోజు "అన్నా, పులుసులో పంచదార పోశారు" అని మెసేజ్ పెట్టాడు. అది లోపం కాదు, ఈ వైపు పద్ధతి. ఇంటి వంటవాళ్లకైతే "అమ్మా, నాకు పచ్చడి కాస్త ఎక్కువ వేయండి" అని చెబితే సరిపోతుంది. మెస్ వాళ్లకి ఒక్కడి కోసం మార్చడం కుదరదు, అడిగి లాభం లేదు.

తిన్న పూటకి ఎంత పడుతోంది

ఇప్పుడు డబ్బు లెక్క. ఎంవీపీ మెస్ వాళ్లది నెలకి 26 భోజనాలు, 2,860 రూపాయలు. పూటకి 110 అన్నమాట. ముందే కట్టాలి, ఒకే అడ్రస్, ఎగ్గొట్టిన పూట పోయినట్టే. మధురవాడ ఆవిడ 20 కూపన్లు 2,600కి ఇస్తానంది. పూటకి 130. 45 రోజుల్లో వాడుకోవాలి, ముందురోజు రాత్రి 9 లోపు చెబితే కూపన్ కట్ కాదు, ఆఫీసుకైనా ఎండాడ రూముకైనా పంపుతారు.

పైకి చూస్తే మెస్సే చౌక. మా వాడి కాగితం పక్కన పెట్టి చూడండి. 26 పూటల్లో శనివారాలు 4, ఆ రోజు ఆఫీసు లేదు. ఇంటి నుంచి పనిచేసే రోజులు 8, డబ్బా ఆఫీసుకే వెళ్తుంది. ఊరెళ్లిన సోమవారం 1. మొత్తం 13 పూటలు పోయాయి. మిగిలిన 13 పూటలకి 2,860 అంటే తిన్న పూటకి 220 రూపాయలు. ఆవిడ దగ్గర ఎప్పుడైనా 130యే.

అలాగని కూపన్ పద్ధతే అందరికీ మంచిదని కాదు. ఆఫీసు పక్కనే రూమ్ ఉండి, వారానికి 6 రోజులూ వెళ్లే మనిషి 26లో 24 పూటలు తింటాడనుకుంటే మెస్ భోజనం పూటకి సుమారు 119 పడుతుంది. అతనికి అదే లాభం. గీత ఎక్కడుందో తేల్చడం సులువు. నెల మొత్తాన్ని రెండోవాళ్ల పూట ధరతో భాగించండి. 2,860ని 130తో భాగిస్తే 22. నెలలో 22 పూటల కన్నా ఎక్కువ తింటేనే నెల ప్యాకేజీ గెలుస్తుంది. మీరు తినగలననుకునే సంఖ్యలోంచి రెండు తీసేసి లెక్క వేసుకోండి. టీమ్ లంచ్‌లూ, ఒంట్లో బాగోని రోజులూ ముందే చెప్పి రావు. ధరలు పేటని బట్టి మారతాయి గానీ ఈ లెక్క మారదు.

ఒప్పందం వాట్సాప్‌లో రాసి పెట్టుకోండి

మొదటిసారి ఒక వారానికో, పది కూపన్లకో మించి కట్టొద్దు. నెల మొత్తం కడితే తగ్గింపు ఇస్తామంటారు. అది రెండో నెల తీసుకోవచ్చు. ఫోన్‌లో అనుకున్నవన్నీ డబ్బులు పంపే ముందే ఒక మెసేజ్‌గా పెట్టి, "సరే" అని జవాబు వచ్చాకే పంపండి. మా వాడు పెట్టినది ఇది:

"నమస్తే అమ్మా. 10 కూపన్లకి 1,300 పంపుతున్నాను. సోమ, బుధ, గురు ఆఫీసుకి, మంగళ, శుక్ర రూముకి. వద్దనుకుంటే ముందురోజు రాత్రి 9 లోపు మెసేజ్ పెడతాను, ఆ కూపన్ ఉంటుంది. మీ వైపు నుంచి వంట లేకపోతే పొద్దున 9 లోపు చెప్పండి. నా స్టీలు క్యారేజీలు రెండిట్లో ఒకటి ఎప్పుడూ మీ దగ్గర ఉంటుంది."

చివరి రెండు వాక్యాలు చాలామంది మర్చిపోతారు. వాళ్లు ఎగ్గొట్టే రోజు మీకు 9కి తెలిస్తే ఇంకో ఏర్పాటు చేసుకోవచ్చు. ఒంటిగంటకి తెలిస్తే ఆకలే. ఇక క్యారేజీలు సొంతవి రెండు కొని మూత మీద పేరు చెక్కించండి. ఒకటి మీ దగ్గరుంటే ఒకటి వాళ్ల దగ్గర తిరుగుతుంది. మరిగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇవ్వడం తప్పుతుంది, స్టీల్లో కూర ఎంత వచ్చిందో కూడా ఒకే కొలతలో కనబడుతుంది.

చేరాక మూడో వారం

మొదటి రెండు వారాలు ఎవరైనా బాగానే పెడతారు. మూడో వారం నుంచి ఆనపకాయ, దోసకాయ, బంగాళాదుంప చుట్టూనే తిరుగుతుంటే, వేపుడు గిన్నెలో అడుగు కనబడుతుంటే అప్పుడే చెప్పాలి. చెప్పే పద్ధతి ఉంది. "మీ వంట బాగోలేదు" అంటే ఎవరైనా నొచ్చుకుంటారు. "అమ్మా, ఈ వారం వేపుడు తక్కువొచ్చింది, ఫొటో పెట్టాను చూడండి" అంటే మర్నాడే సర్దుకుంటుంది. రెండుసార్లు చెప్పినా మారకపోతే కొత్త కూపన్లు కొనకండి. పులిహోర, ఫ్రైడ్ రైస్ వారంలో రెండు మూడుసార్లు వస్తుంటే అన్నం ఎప్పటిదని సూటిగా అడగండి. ఇంట్లో రాత్రి అన్నం పొద్దున తాలింపు పెట్టుకుని తినేయడం వేరు, దాన్నే డబ్బాలో పెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి పంపడం వేరు.

ఒకవేళ తిన్నాక వాంతులు, విరేచనాలు అయితే వెంటనే అదే డబ్బా తిన్న ఇంకొకరిని అడగండి. ఇద్దరికీ అయితే డబ్బాలో మిగిలినది పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వాళ్లకి చెప్పి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు తిరిగివ్వని పేచీలకైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే. వాయుగుండం అని వార్త వినగానే క్యారేజీ రాదనే అనుకుని రూములో అటుకులు, కొన్ని అరటిపళ్లు, వేరుశనగలు, రెండు రోజుల తాగునీళ్లు పెట్టుకోండి. కరెంటు పోతే రైస్ కుక్కర్ కూడా పనిచేయదు. ఆ రోజుల పూటలు ముందుకి జరుగుతాయో లేదో మీ మెసేజ్‌లో ముందే ఒక వాక్యం కలిపితే మంచిది.

మానేయాలనుకుంటే చివరి మూడు కూపన్లు ఉండగానే చెప్పండి. వాళ్లు మీ పేరు తీసేసి సరుకులు తగ్గించుకుంటారు, మీ రెండో క్యారేజీ ఆఖరి భోజనంతో పాటు తిరిగొస్తుంది. మా వాడు మాత్రం ఇంకా మధురవాడ ఆవిడ దగ్గరే తింటున్నాడు, పులుసులో బెల్లం గురించి ఇప్పటికీ గొణుగుతూనే.